స్క్రీన్‌షాట్ అబద్ధమని చెప్పొచ్చు, నిజమని చెప్పలేం

వాట్సాప్ సంభాషణ స్క్రీన్‌షాట్ ఒకటి గ్రూపులోకి వచ్చి పడుతుంది. అందులో ఎవరో ఎవరినో డబ్బు అడిగి ఉంటారు, లేదా ఎవరి గురించో అనరాని మాట అని ఉంటారు. అందరూ ముందు ఆ మాటలే చదువుతారు, చదివాక కోపం తెచ్చుకుంటారు, ఆపైన నలుగురికి పంపుతారు. ఇలాంటి బొమ్మల్ని పరిశీలించడం అలవాటైనవాళ్లు దీనికి తలకిందులుగా పని చేస్తారు. మాటల్ని ఆఖరికి వదిలేసి, తెర అంచుల దగ్గర మొదలుపెడతారు. నకిలీ తయారుచేసేవాళ్ల శ్రద్ధంతా మాటల మీదే ఉంటుంది. గడియారం, టిక్కులు, బుడగకీ బుడగకీ మధ్య ఖాళీ వాళ్ల కళ్లకు ఆనవు. దొరికిపోయేది అక్కడే.

నకిలీలు స్థూలంగా మూడు రకాలు. మొదటిది, పేరూ మాటలూ నింపితే సంభాషణ బొమ్మ తయారుచేసి ఇచ్చే యాప్‌లతో చేసినవి. రెండోది, అసలు స్క్రీన్‌షాట్‌నే తీసుకుని ఫొటో ఎడిటర్‌లో ఒకటి రెండు మాటలు మార్చినవి. మూడోది, వాట్సాప్‌లోనే కల్పించిన సంభాషణ. మొదటి రెండు రకాలూ ఆనవాళ్లు వదులుతాయి. మూడోది దాదాపు ఏమీ వదలదు. ఈ తేడా ముందే మనసులో పెట్టుకుంటే, మన పరిశీలన ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో స్పష్టంగా ఉంటుంది.

విషయం విడమరచడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, పెయింటింగ్ కాంట్రాక్టరును కమీషన్ అడిగాడని ఒక స్క్రీన్‌షాట్ తిరుగుతోంది. అది కాంట్రాక్టరు ఫోన్లో తీసిందట. ఆండ్రాయిడ్ ఫోను. స్టేటస్ బార్‌లో సమయం 7:18. దాని కింద ‘సెక్రటరీ గారు’ అనే పేరు, ఆ కింద మధ్యలో `Today` అన్న తేదీ పట్టీ, తర్వాత నాలుగు బుడగలు:

ఎడమవైపు, 6:38 pm: “కొటేషన్ చూశాం. పని మీకే ఇద్దామనుకుంటున్నాం”

కుడివైపు, 6:40 pm, నీలి టిక్కులు: “థాంక్స్ సార్”

ఎడమవైపు, 6:41 pm: “నా వాటా 40 వేలు ముందే పంపండి, కమిటీ సంగతి నేను చూసుకుంటా”

కుడివైపు, 7:26 pm, నీలి టిక్కులు: “సరే సార్, రేపు ఇస్తా”

చదివితే ఎక్కడా అనుమానం రాదు. ఇప్పుడు ఒక్కో పొరా విప్పుదాం.

ముందు, ఇది ఎవరి ఫోను?

కుడివైపు బుడగలు ఫోను సొంతదారు పంపినవి, ఎడమవైపువి అవతలివాళ్ల నుంచి వచ్చినవి. పైన కనిపించే పేరు అవతలివాళ్లది. అంటే మన ఉదాహరణలో ఫోను కాంట్రాక్టరుది, ఎడమవైపు మాట్లాడుతున్నది కార్యదర్శి. ఇది అందరికీ తెలిసిందే అనిపిస్తుంది కానీ, తిరిగే స్క్రీన్‌షాట్లలో ఈ లెక్కే తప్పినవి ఉంటాయి. ‘ఆయన ఫోన్లోంచి బయటపడ్డ చాట్’ అని పేరు పెట్టి, ఆయన పేరే పైన కనిపించే బొమ్మ పెడతారు. ఆయన ఫోనే అయితే పైన అవతలి మనిషి పేరుండాలి.

టిక్కులదీ ఇదే సూత్రం. అవి మనం పంపిన సందేశాలకే ఉంటాయి. ఒక బూడిద టిక్కు అంటే పంపాం, రెండు బూడిద టిక్కులంటే అవతలి ఫోనుకు చేరింది, రెండూ నీలమైతే చదివారు. ఎడమవైపు బుడగలో టిక్కు కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు, ఆ బొమ్మ తయారుచేసిందే. పైన ఒంటి టిక్కు మిగిలిపోయి, దాని కింద అవతలి మనిషి దానికే జవాబిచ్చి ఉంటే అదీ కుదరదు, చేరని మాటకు ఎవరూ జవాబివ్వరు. రంగు విషయంలో మాత్రం తొందరపడకూడదు. చదివినట్టు తెలియజేసే సౌకర్యాన్ని ఇద్దరిలో ఎవరు ఆపేసుకున్నా, చదివిన సందేశానికి కూడా టిక్కులు బూడిదగానే ఉండిపోతాయి. గ్రూపుల్లో అయితే అందరూ చదివాకే నీలం వస్తుంది.

మన ఉదాహరణ ఈ పరీక్షలో నిలిచింది. పక్కలు సరిగానే ఉన్నాయి, టిక్కులు కుడివైపే ఉన్నాయి.

స్టేటస్ బార్ చెప్పే ఊసులు

తెర పైఅంచున గడియారం, సిగ్నల్, బ్యాటరీ ఉండే సన్నని పట్టీయే స్టేటస్ బార్. దాన్ని గీసేది వాట్సాప్ కాదు, ఫోను. కాబట్టి అది ఫోను రకాన్నీ, ఆ ఫోన్లో ఉన్న సాఫ్ట్‌వేర్ కాలాన్నీ బయటపెడుతుంది.

ఐఫోన్లలో ఇది తేలిగ్గా కనిపిస్తుంది. 2013లో వచ్చిన ఐఓఎస్ 7 నుంచి ఐఓఎస్ 10 దాకా సిగ్నల్‌ను ఐదు చుక్కలుగా చూపించేవారు. 2017లో ఐఓఎస్ 11తో చుక్కలు పోయి నాలుగు నిలువు గీతలు వచ్చాయి. అదే ఏడాది వచ్చిన ఐఫోన్ టెన్‌తో తెర పైభాగంలో కెమెరా కోసం గాడి పెట్టారు, దాంతో గడియారం మధ్య నుంచి ఎడమవైపుకు జరిగింది, బ్యాటరీ శాతం అంకె పట్టీలోంచి మాయమైంది. ఆ అంకె మళ్లీ బ్యాటరీ బొమ్మ లోపలే కనిపించడం 2022లో ఐఓఎస్ 16 వచ్చాకే. కాబట్టి ‘2020లో తీసిన స్క్రీన్‌షాట్’ అని చెబుతున్న దాంట్లో గాడి ఉన్న ఐఫోన్ పట్టీ ఉండి, బ్యాటరీ బొమ్మలో 76 అని అంకె కనిపిస్తే, చెప్పిన తేదీ అబద్ధమన్నమాట.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. స్టేటస్ బార్ చెప్పేది స్క్రీన్‌షాట్ తీసిన నాటి సంగతి, సందేశం పంపిన నాటిది కాదు. 2016 నాటి సంభాషణను ఎవరైనా ఈ ఏడాది వెనక్కి జరిపి స్క్రీన్‌షాట్ తీస్తే, పాత మాటలకు కొత్త పట్టీ ఉండటం సహజం. ‘ఫలానా తేదీన తీశాం’ అని వాళ్లు చెప్పినప్పుడే ఈ పరీక్షకు బలం.

తయారీ యాప్‌లు ఈ పట్టీని ఒక అచ్చుగా పెట్టుకుని ప్రతి బొమ్మకూ అదే అతికిస్తాయి. ఆపిల్ తన ప్రకటనల్లో ఐఫోన్ తెర మీద ఎప్పుడూ 9:41 సమయమే చూపిస్తుంది, ఆ బొమ్మల్ని నమూనాగా పెట్టుకున్న అచ్చుల్లోనూ 9:41, నిండు సిగ్నల్, నిండు బ్యాటరీ అలాగే మిగిలిపోతాయి. 9:41కి స్క్రీన్‌షాట్ తీయడం నేరమేమీ కాదు. కానీ వేర్వేరు రోజులవని చెప్పే ఐదు స్క్రీన్‌షాట్లలోనూ 9:41 ఉంటే అచ్చు దొరికినట్టే.

ఒకే వరసలో తీశామని నాలుగైదు స్క్రీన్‌షాట్లు ఇచ్చినప్పుడు పట్టీ ఇంకా బాగా పనికొస్తుంది. మొదటి దాంట్లో బ్యాటరీ 43, రెండో దాంట్లో 42, మూడో దాంట్లో 58 ఉండి, చార్జింగ్ గుర్తు ఎక్కడా లేకపోతే మూడోది ఆ వరసలోది కాదు. గడియారం వెనక్కి నడిచినా అంతే.

సమయాల లెక్క

మన ఉదాహరణ ఇక్కడ తడబడింది. స్క్రీన్‌షాట్ తీసినప్పుడు ఫోన్లో సమయం 7:18. నాలుగో బుడగ మీద 7:26. పైన `Today` అని ఉంది కాబట్టి ఇది నిన్నటి 7:26 కాదు. ఎనిమిది నిమిషాల తర్వాత పంపబోయే సందేశం ముందే తెర మీద ఉంది.

వెంటనే ‘నకిలీ’ అనకుండా, మామూలు కారణం ఏమైనా ఉందేమో చూడాలి. అవతలి నుంచి వచ్చిన సందేశమైతే ఫోను గడియారం ఒకటి రెండు నిమిషాలు వెనకబడి ఉందేమో అనుకోవచ్చు. నెట్ లేక ఆగి వెళ్లిన సందేశాల సమయాలు కూడా ఒక్కోసారి కాస్త ముందువెనకలుగా కనిపిస్తాయి. కానీ నాలుగో బుడగ కుడివైపుది, అదే ఫోనులోంచి పంపింది. ఆ సమయమూ, పైపట్టీ సమయమూ ఒకే గడియారానివి. మధ్యలో గడియారాన్ని ఎవరైనా వెనక్కి తిప్పితే తప్ప ఇది సాధ్యం కాదు. ఇదే ఈ బొమ్మలో బలమైన ఆధారం.

సమయం రాసే తీరు కూడా చూడాలి. ఫోను భాష భారతీయ ఇంగ్లీషులో ఉంటే సాధారణంగా `6:41 pm` అని చిన్న అక్షరాల్లో, అమెరికా ఇంగ్లీషులో ఉంటే `6:41 PM` అని పెద్ద అక్షరాల్లో వస్తుంది. 24 గంటల అమరిక పెట్టుకున్నవాళ్లకు `18:41` అని వస్తుంది. ఏది వచ్చినా ఒక తెర మీద ఉన్న బుడగలన్నిటికీ ఒకే తీరు ఉండాలి. మూడు బుడగల్లో `pm`, నాలుగో దాంట్లో `PM` ఉంటే నాలుగోది చేత్తో రాసినదై ఉండాలి. పగలు పన్నెండు దాటాక `12:30 pm` అవుతుంది, అర్ధరాత్రి దాటాక `12:30 am` అవుతుంది. ‘ఇప్పుడే భోంచేశా, ఆఫీసులో ఉన్నా’ అన్న మాట కింద `12:30 am` ఉంటే సమయం ఎవరో టైపు చేసి ఉండొచ్చని గట్టిగా అనుమానించాలి.

విదేశాల్లో పిల్లలున్న కుటుంబాల్లో తగాదా వచ్చి, ఇరువైపులా స్క్రీన్‌షాట్లు చూపించుకునేటప్పుడు ఇంకో పరీక్ష అక్కరకొస్తుంది. వాట్సాప్ సమయాన్ని ఎవరి ఫోను ఉన్న చోటి కాలమానంలో వాళ్లకు చూపిస్తుంది. గుంటూరులో రాత్రి 9:14కి పంపిన సందేశం, డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్లో ఎండాకాలంలో అదే రోజు పొద్దున 10:44గా, చలికాలంలో 9:44గా కనిపిస్తుంది. అమెరికావాళ్లు ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు కాబట్టి తేడా ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. గంటలు ఎలా మారినా నిమిషాల్లో ఆ అరగంట తేడా తప్పదు. ఒకే సందేశానికి ఇటు 9:14, అటు 11:14 ఉందంటే, గంటలు మార్చినవాళ్లు మన కాలమానంలోని ఆ అరగంట సంగతి మరిచిపోయారన్నమాట. సందేశం చేరడంలో ఒక నిమిషం అటూ ఇటూ కావచ్చు కానీ ముప్ఫై నిమిషాలు కావు.

బుడగల మధ్య ఖాళీ, పంక్తి విరిగే చోటు

బుడగల్ని తెర మీద పేర్చేది ప్రోగ్రాము. అది ప్రతిసారీ ఒకే కొలతలు వాడుతుంది. ఒకే మనిషి వరసగా పంపిన సందేశాల మధ్య ఖాళీ తక్కువగా ఉంటుంది, మనిషి మారినప్పుడు ఎక్కువగా ఉంటుంది. బుడగకు ఉండే చిన్న తోక కూడా ప్రతి బుడగకూ ఉండదు. ఆండ్రాయిడ్‌లో ఆ వరసలో మొదటి బుడగకు పైమూల ఉంటుంది, ఐఫోన్‌లో ఆఖరి బుడగకు కిందిమూల ఉంటుంది. వరసగా మూడు బుడగలకూ తోకలుంటే, లేదా ఆండ్రాయిడ్ పట్టీ కింద ఐఫోన్ తోకలుంటే అది ఫోను పేర్చిన తెర కాదు.

ఖాళీలను కొలవడానికి పెద్ద సాధనాలేమీ అక్కర్లేదు. బొమ్మను కంప్యూటర్‌లో పెయింట్ లాంటి ప్రోగ్రాములో తెరిచి, బాగా పెద్దది చేసి, ఒక బుడగ కిందిఅంచు నుంచి తర్వాతి బుడగ పైఅంచు దాకా ఎన్ని పిక్సెళ్లో చూస్తే చాలు. అసలు అంకె ఎంతన్నది ముఖ్యం కాదు, అది ఫోనును బట్టి, అక్షరాల సైజు అమరికను బట్టి మారుతుంది. ఒకే బొమ్మలో ఒకే రకం ఖాళీలన్నీ సమానంగా ఉన్నాయా అన్నదే ప్రశ్న. మన ఉదాహరణలో ప్రతిసారీ మనిషి మారాడు కాబట్టి మూడు ఖాళీలూ ఒకటే కావాలి. కొలిస్తే మొదటి రెండూ 24 పిక్సెళ్లు, మూడోది 17 వచ్చాయనుకుందాం. నాలుగో బుడగను చేత్తో అక్కడ పెట్టారు.

ఇది తేలాక దాని చుట్టూ వాల్‌పేపర్ చూడాలి. వాట్సాప్ మామూలుగా ఇచ్చే నేపథ్యంలో సన్నని గీతలతో చిన్న చిన్న బొమ్మలుంటాయి. బుడగను అతికించినచోట ఆ గీతలు ఉన్నట్టుండి తెగుతాయి, పక్కకు జరుగుతాయి, లేదా చెరిపి పులిమినట్టు మసకబారతాయి. మన నాలుగో బుడగ తోకా, నీలి టిక్కులూ రెండో బుడగలోవాటికి చివరి చుక్కదాకా నకలుగా ఉండి, దాని అంచు వెంట పాత నేపథ్యం ఒక సన్నని చారలా మిగిలితే, రెండో బుడగను కాపీ చేసి కిందకు లాగారని అర్థం.

ఇక మూడో బుడగ. అసలు ఆరోపణ అంతా దాంట్లోనే ఉంది. అక్కడ సమయం సరిగానే ఉంది, ఖాళీ సరిగానే ఉంది. చూడాల్సింది పంక్తులు ఎక్కడ విరిగాయన్నది. బుడగ వెడల్పుకు ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది. ఆ హద్దులో పట్టినన్ని మాటలు ఒక పంక్తిలో వస్తాయి, పట్టని మాట కింది పంక్తికి దిగుతుంది. మన బుడగ మూడు పంక్తుల్లో ఇలా ఉంది:

```
నా వాటా 40 వేలు
ముందే పంపండి, కమిటీ
సంగతి నేను చూసుకుంటా
```

మొదటి పంక్తి తక్కిన రెండిటికంటే పొట్టిగా ఉంది. దాని చివర మిగిలిన ఖాళీలో ‘ముందే’ అన్న మాట హాయిగా పట్టేది. మరి ఎందుకు కిందకు దిగింది? అసలు సందేశంలో మొదటి పంక్తి ఇంకా పొడుగ్గా ఉండి ఉండాలి. ‘పాత బిల్లుల కాపీలు ముందే పంపండి, కమిటీ సంగతి నేను చూసుకుంటా’ అని ఉందనుకోండి, పంక్తులు సరిగ్గా అక్కడే విరుగుతాయి. ఆ మూడు మాటలు చెరిపి ‘నా వాటా 40 వేలు’ అని రాసినవాళ్లు కింది రెండు పంక్తుల జోలికి పోలేదు. ఒక మామూలు కోరిక లంచంగా మారిపోయింది.

అయితే దీన్ని ఒంటరి సాక్ష్యంగా తీసుకోకూడదు. రాసినవాళ్లే ఎంటర్ నొక్కి పంక్తి మార్చి ఉండొచ్చు. కొంతమందికి ప్రతి ముక్కకూ ఎంటర్ నొక్కే అలవాటుంది. అందుకే దీన్ని అక్షరాల పరీక్షతో జతచేయాలి.

అక్షరం ఎక్కడ పుట్టింది?

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఎక్కువగా రోబోటో ఫాంటులో, తెలుగు నోటో సాన్స్ తెలుగు ఫాంటులో వస్తాయి. ఐఫోన్లలో ఇంగ్లీషుకు శాన్‌ఫ్రాన్సిస్కో, తెలుగుకు కోహినూర్ తెలుగు. సామ్‌సంగ్ లాంటి కొన్ని కంపెనీలు తమ సొంత ఫాంట్లు పెట్టుకుంటాయి. పేర్లు గుర్తుంచుకోనక్కర్లేదు. ఒక తెర మీద ఒకే జత ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

దీన్నుంచి ఒక తేలికైన పరీక్ష పుడుతుంది. మూడో బుడగలోని ‘40’ని, రెండో బుడగ కింద ఉన్న `6:40`లోని 40తో పోల్చండి. సమయం అంకెలు చిన్నవిగా, లేతగా ఉంటాయి, కానీ ఆకారం ఒకటే కావాలి. 4కి తల మూసి ఉందా తెరిచి ఉందా, సున్నా కోలగా ఉందా గుండ్రంగా ఉందా, గీత మందం ఎక్కడ మారుతోంది అన్నవి పెద్దది చేస్తే కనిపిస్తాయి. మన బొమ్మలో ఆ రెండు 40ల ఆకారాలూ కలవలేదనుకుందాం. అలాగే ఆ మాటల అక్షరాలు పక్క పంక్తుల అక్షరాలకంటే బొద్దుగా ఉన్నా, అంచులు మరీ పదునుగా ఉన్నా, పంక్తి అడుగు గీతకు ఒక పిక్సెల్ పైకో కిందకో ఉన్నా అవి తర్వాత వచ్చి చేరినవే.

తెలుగు రాతలో ఉన్న చిక్కు ఇంకొకటుంది, పరిశీలకులకు అది వరం. ఇంగ్లీషులో అక్షరాన్ని అక్షరం పక్కన పెడితే సరిపోతుంది. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ లెక్క చూసుకుని కలపాలి, ఆ పని చేసే ప్రోగ్రాము ప్రతి ఫోన్లోనూ ఉంటుంది. అది ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక పద్ధతిలో కూర్చిన వరస సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ దాన్ని ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. ఫొటో ఎడిటర్లలో ఈ కలిపే పని సరిగా చేయనివీ, దానికోసం ప్రత్యేక అమరిక మార్చుకోవాల్సినవీ ఉన్నాయి. అలాంటి దాంట్లో ‘కాంట్రాక్టర్’ అని రాస్తే ఒత్తులు కిందకు దిగకుండా, పొల్లులతో విడివిడిగా బారు తీరతాయి. ఫోను తెర మీద అలా రాదు.

మన ఊళ్లలో ఫ్లెక్సీలూ పెళ్లి కార్డులూ చేసేవాళ్లు ఈ చిక్కు తప్పించుకోవడానికి దశాబ్దాలుగా ‘అను’ ఫాంట్లు వాడుతున్నారు. స్క్రీన్‌షాట్‌లోని ఒక్క బుడగలో అక్షరాలు ఫ్లెక్సీ మీది తెలుగులా, తక్కినవి ఫోన్లో తెలుగులా ఉంటే, ఆ ఒక్క బుడగా ఏ డీటీపీ కంప్యూటర్లో పుట్టిందో అని అనుమానించడంలో తప్పు లేదు.

అన్నిటికంటే గట్టి పరీక్ష, అదే రకం ఫోన్లో, అదే అక్షరాల సైజుతో, అవే మాటల్ని మళ్లీ పంపి స్క్రీన్‌షాట్ తీసి, రెంటినీ పక్కపక్కన పెట్టడం. ఫోను తనకు తానుగా ‘నా వాటా 40 వేలు ముందే’ అని ఒకే పంక్తిలో పెట్టిందంటే మన అనుమానానికి బలం వచ్చినట్టే.

తేడా ఉన్నంతమాత్రాన దోషం కాదు

ఈ పరీక్షలు నేర్చుకున్న కొత్తలో ప్రతి స్క్రీన్‌షాటూ నకిలీగానే కనిపిస్తుంది. కొన్ని తేడాలు అమాయకమైనవి. ఫోన్లో అలంకారపు ఫాంటు పెట్టుకున్నవాళ్లున్నారు. జీబీ వాట్సాప్ లాంటి అనధికార యాప్‌లు వాడేవాళ్లున్నారు, వాటిలో బుడగల ఆకారం, టిక్కుల తీరు కూడా మార్చుకోవచ్చు. పొడవాటి సంభాషణను కిందికి జరుపుతూ ఒకే బొమ్మగా తీసే స్క్రోల్ స్క్రీన్‌షాట్‌లో, ముక్కలు అతికినచోట ఖాళీ తేడా రావచ్చు. టాబ్లెట్‌లో, కంప్యూటర్‌లో తెర వేరు, పంక్తులు వేరేచోట విరుగుతాయి.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం తెచ్చేది ఫార్వర్డింగే. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన ప్రతి బొమ్మనూ కుదించి జేపెగ్‌గా మారుస్తారు. నాలుగు చేతులు మారాక అక్షరాల చుట్టూ మసక మచ్చలు చేరతాయి, పిక్సెళ్ల కొలతలు చెదిరిపోతాయి. ఆ మచ్చల్ని చూసి ‘చెరిపిన గుర్తులు’ అనడం తప్పు. మచ్చలు బొమ్మంతా సమానంగా ఉంటే అది కుదింపు, ఒకే మాట చుట్టూ మాత్రమే తీరు మారితే అనుమానించాలి. కొలతలు పెట్టాలంటే, తీసినవాళ్ల దగ్గరినుంచే ఫైలును డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి, అలా పంపితే ఫైలు మారదు. కొన్ని ఫోన్లు ఫైలు పేరులోనే `Screenshot_20240512_191803_WhatsApp.jpg` అన్నట్టు తేదీ, సమయం, యాప్ పేరు రాస్తాయి. ఆ సమయం స్టేటస్ బార్‌తో పొసగకపోతే అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. పొసిగిందంటే పెద్ద విశేషమేమీ లేదు, పేరు ఎవరైనా మార్చొచ్చు.

అన్నీ సరిపోయినా

ఇప్పుడు మూడో రకం నకిలీ దగ్గరికి వద్దాం. రెండో ఫోన్లో ఒక నంబరు పెట్టుకుని, దాన్ని మొదటి ఫోన్లో ‘సెక్రటరీ గారు’ అని సేవ్ చేసుకుని, డీపీకి ఆయన ఫొటోనే పెట్టి, తమకు తామే సందేశాలు పంపుకుంటే పట్టీ, సమయం, బుడగలు, ఫాంటు అన్నీ అసలైనవే. కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి, బ్రౌజర్‌లోని డెవలపర్ పరికరాలతో బుడగలోని మాటలు మార్చి స్క్రీన్‌షాట్ తీస్తే, మారిన మాటలను బ్రౌజరే అదే ఫాంటులో, సరైన పంక్తుల్లో పేరుస్తుంది. ఇంకొకటి, మధ్యలో తమకు ఇబ్బందైన సందేశాల్ని తమ ఫోన్లో మాత్రం చెరిపేసుకుంటే అక్కడ ఏ గుర్తూ మిగలదు, మిగిలినవి పక్కపక్కకు జరిగి వేరే అర్థం ఇస్తాయి. పిక్సెళ్ల పరీక్ష ఈ మూడింటిలో దేన్నీ పట్టలేదు.

2020 మేలో ఢిల్లీలో విద్యార్థుల ఇన్‌స్టాగ్రామ్ గ్రూపు వివాదం రేగినప్పుడు, దాంతోపాటు ఒక స్నాప్‌చాట్ సంభాషణ స్క్రీన్‌షాట్ దేశమంతా తిరిగింది. ఒక అబ్బాయి లైంగిక దాడికి పథకం వేస్తున్నట్టు అందులో ఉంది. ఢిల్లీ పోలీసుల దర్యాప్తులో తేలింది వేరు. ఆ పథకం చెప్పిన ఖాతా కల్పిత పురుష నామంతో ఒక అమ్మాయి నడిపిందనీ, ఆ సంభాషణకు ఇన్‌స్టాగ్రామ్ గ్రూపుతో సంబంధం లేదనీ పోలీసులు చెప్పారు. సంభాషణ నిజంగా జరిగిందే, మనిషే వేరు. ఎంత పెద్దది చేసి చూసినా ఆ సంగతి బొమ్మలో దొరకదు.

కాబట్టి బొమ్మ పరీక్షలో దోషం దొరికితే ‘ఇది మార్చిన బొమ్మ’ అనవచ్చు. దోషం దొరకకపోతే ‘ఇది నిజం’ అనకూడదు, ‘బొమ్మలో ఏమీ దొరకలేదు’ అని మాత్రమే అనాలి. అక్కడినుంచి సంభాషణ దగ్గరికే వెళ్లాలి.

వెళ్లడమంటే ఫోను చూడటమే. చాట్ల జాబితా నుంచి మొదలుపెట్టి, ఆ చాట్ తెరిచి, పేరు మీద నొక్కి నంబరు చూపించి, వివాదంలో ఉన్న సందేశం దాకా ఆగకుండా జరుపుతూ స్క్రీన్ రికార్డింగ్ ఇమ్మనాలి. పేరు వెనక ఉన్న నంబరు నిజంగా ఆ మనిషిదేనా అన్నది ఇక్కడ తేలుతుంది. పంపిన సందేశాన్ని నొక్కిపట్టి సమాచారం చూస్తే, అది ఎప్పుడు చేరిందో, ఎప్పుడు చదివారో సమయాలతో వస్తుంది. వాటిని బుడగ మీది సమయంతో సరిచూడొచ్చు. మన ఉదాహరణలో నాలుగో సందేశానికి ఆ సమాచారం చూపించమంటే కాంట్రాక్టరు చూపించలేడు, అసలు ఆ సందేశమే ఉండదు. అలాగే కార్యదర్శి ఫోన్లో అదే రోజు 6:38 నుంచి 7:18 దాకా ఏముందో అడగాలి. రెండు ఫోన్లలోనూ ఉన్నది ఒకటే అయితేనే మాటకు విలువ.

కోర్టు దాకా వెళ్లేదైతే స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటీ చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు నకలుతోపాటు, ఏ పరికరం నుంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రంలో ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ విలువ మారిపోతుంది. ఆ పత్రం తర్వాత ఫైలు మారలేదని చెబుతుందే గానీ, అందులోని మాట ఎవరన్నారో చెప్పదు. అందుకే ఫోను అక్కర తీరదు. వివాదంలో ఉన్నవాళ్లు చాట్‌ను చెరపకుండా, ఫోను మార్చకుండా, ఫార్మాట్ చేయకుండా ఉంచుకోవాలి.

మన కార్యదర్శి కేసులో సంఘానికి రాసి ఇవ్వగలిగింది ఇంతే: నాలుగో బుడగ సమయం ఈ స్క్రీన్‌షాట్‌లో సాధ్యం కాదు, దాని ఖాళీ తక్కినవాటితో కలవదు. మూడో బుడగలో మొదటి పంక్తి మార్చారనడానికి పంక్తి విరుపు, అంకెల ఆకారం ఆధారాలు. ఎవరు మార్చారో బొమ్మ చెప్పదు. కార్యదర్శి ఎప్పుడూ కమీషన్ అడగలేదని కూడా చెప్పదు. ఈ స్క్రీన్‌షాట్ ఆ ఆరోపణకు రుజువు కాదని మాత్రం చెబుతుంది.